మూసీ వరద వీడియో: మొదటి 15 సెకన్ల స్క్రిప్టు

0–5 సెకన్లు
దృశ్యం: ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని పాత చింతచెట్టు బెరడు తెర నిండా కనిపిస్తుంది. లోగో, సంగీతం, “అందరికీ నమస్కారం” ఏవీ ఉండవు. నీటి హోరు ఒక్కటే వినిపిస్తుంది.
వ్యాఖ్యానం: “ఈ చెట్టు కొమ్మలను పట్టుకుని ఒకనాడు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.”

5–9 సెకన్లు
దృశ్యం: కెమెరా నెమ్మదిగా పైకి జరిగి, మనిషి కూర్చోగలిగినంత లావున్న ఒక కొమ్మ దగ్గర ఆగుతుంది. తెరపై “28 సెప్టెంబర్ 1908” అన్న అక్షరాలు పడతాయి.
వ్యాఖ్యానం: “కింద మూసీ వేల ఇళ్లను ఊడ్చుకుపోయింది.” (ఇక్కడ ఒక క్షణం మౌనం, ఎడిటింగులో దీన్ని దయచేసి కత్తిరించవద్దు.)

9–15 సెకన్లు
దృశ్యం: వంటింటి కుళాయి నుంచి స్టీలు గ్లాసులోకి నీళ్లు పడుతుంటాయి. హోరు ఠక్కున ఆగిపోతుంది.
వ్యాఖ్యానం: “గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాద్ విడిచి వెళ్లరంటారు. ఆ గండిపేట జలాశయాన్ని కట్టించింది మాత్రం ముందుగా దాహం కాదు, ఈ వరదే.”

16వ సెకను నుంచి
దృశ్యం: వీడియో పేరు రెండు సెకన్లు కనిపించి మాయమవుతుంది.
వ్యాఖ్యానం: “వరద తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నదిని ఊరిలో కాక, ఊరికి ఎగువనే ఆపాలని ఆయన సూచించగా, మూసీపై ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట జలాశయం, 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఇప్పుడు మనం ఆ చెట్టు కింది నుంచే ఎగువకు బయలుదేరుదాం.”