దసరా వారం డ్యూటీ చార్టు: సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 5 వరకు

బట్టల షాపు, పర్లాకిమిడి
(బిల్లింగ్ కౌంటర్ పక్కన అంటించాం, వాట్సాప్‌లో కూడా పెట్టాం. ఆదివారం 28న అందరూ చదివి, కాగితం కింద సంతకం పెట్టండి.)

సత్యవతి అక్కకు, రమణ గారికి, సస్మిత, కుమారి, శ్రీను, దిలీప్‌లకు,

పోయినేడాది దసరాకు చార్టు వెయ్యలేదు. "ఉన్నవాళ్ళం చూసుకుందాం" అన్నాను. దాంతో సత్యవతి అక్క పదకొండు రోజులు ఒక్క ఆఫ్ లేకుండా నిలబడింది. నోరు తెరిచి అడిగినవాళ్ళకు సెలవు దొరికింది, అడగనివాళ్ళకు దొరకలేదు. ఆ తప్పు నాది. ఈసారి ఎవరికి ఏ రోజు ఆఫ్, ఎవరికి ఎన్ని రాత్రులు, అన్నీ రాసి పెడుతున్నాను.

ఈ వారంలో గిరాకీ రెండుసార్లు పెరుగుతుంది. సోమ, మంగళ, బుధవారాలు సప్తమి, అష్టమి, నవమి. ఊళ్ళోవాళ్ళే కాక పాతపట్నం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం దిగుతారు. గురువారం దసరా, గాంధీ జయంతి ఒకేరోజు, షాపు మూసేస్తాం. శుక్రవారం పలచగా ఉంటుంది. శని, ఆదివారాల్లో మళ్ళీ తాకిడి, ఎందుకంటే సోమవారం 6న కుమార పూర్ణిమ. ఒడియా ఇళ్ళలో ఆడపిల్లలకు కొత్త బట్టలు కొనే పండగ అది. ఆ రెండు రోజులూ డ్రెస్సులు, చీరల దగ్గరే రద్దీ, మగవాళ్ళ సెక్షన్ దగ్గర అంత ఉండదు. శ్రీనుకు శనివారం ఆఫ్ ఇచ్చింది అందుకే.

షిఫ్టులు
ఉదయం: 9:00 – 5:30
మధ్య: 11:30 – 8:00
రాత్రి: 1:30 – 10:00
ప్రతి షిఫ్టులో భోజనానికి అరగంట, పని ఎనిమిది గంటలు.

| రోజు | ఉదయం | మధ్య | రాత్రి | ఆఫ్ |
|---|---|---|---|---|
| సోమ 29 | శ్రీను, సస్మిత | సత్యవతి | రమణ, దిలీప్ | కుమారి |
| మంగళ 30 | కుమారి, శ్రీను | రమణ | సత్యవతి, సస్మిత | దిలీప్ |
| బుధ 1 | కుమారి, దిలీప్ | సస్మిత | సత్యవతి, రమణ, శ్రీను | – |
| గురు 2 | షాపు మూత | | | అందరికీ |
| శుక్ర 3 | శ్రీను, కుమారి, దిలీప్ (10:00 – 6:30) | – | – | సత్యవతి, రమణ, సస్మిత |
| శని 4 | సత్యవతి, కుమారి | రమణ | సస్మిత, దిలీప్ | శ్రీను |
| ఆది 5 | సత్యవతి, రమణ | కుమారి, సస్మిత | శ్రీను, దిలీప్ | – |

శుక్రవారం 6:30 నుంచి 8:30 దాకా షాపు నేనూ మా తమ్ముడూ చూసుకుంటాం. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు దాటాక మేమిద్దరం కూడా ఫ్లోర్ మీదే ఉంటాం. రమణ గారు లేని వేళల్లో బిల్లింగ్ నాది.

గురువారం సెలవు పండగ సెలవు, జీతంతో. మీ వారపు ఆఫ్‌లో దాన్ని కలపలేదు, ప్రతి ఒక్కరికీ అది కాక ఇంకొక రోజు ఉంది. ఆ ఉదయం 9:30కి గల్లాపెట్టెకు, లెక్క పుస్తకాలకు పూజ చేస్తాం. రాగలిగినవాళ్ళు రండి. రాకపోయినా ఏమీ అనుకోం, ఇంటి దగ్గర పూజలు మీకూ ఉంటాయి.

శుక్రవారం ఆఫ్ వచ్చిన ముగ్గురికి వరసగా రెండు రోజులు దొరుకుతాయి. "వాళ్ళకే ఎందుకు?" అని మీలో ఎవరైనా అనుకోవడం సహజం. ఆగస్టు 27న వినాయక చవితికి శ్రీను, కుమారి, దిలీప్ ఇంటి దగ్గర ఉంటే, ఈ ముగ్గురే షాపు నడిపారు. దీపావళి వారంలో వరస మళ్ళీ తిరుగుతుంది, మొదట అడిగే హక్కు శ్రీను, కుమారి, దిలీప్‌లది.

రాత్రి షిఫ్టు ఎంత బరువో నాకు తెలుసు. చీరల గాదీ దగ్గర ఎనిమిది దాటాక ఒక కుటుంబం కూర్చుంటే ముప్పై నలభై చీరలు విప్పిస్తారు. వాళ్ళు వెళ్ళాక తెల్ల దుప్పటి మీద ఆ చీరలన్నీ కుప్పగా పడి ఉంటాయి. పోయినేడాది నవమి రాత్రి షట్టర్ సగం దించి, అక్కా సస్మితా మడతలు పెడుతూనే ఉన్నారు, గడియారం పదకొండు కొట్టేసింది. ఈసారి అలా వద్దు. 9:30 తర్వాత కొత్త కట్ట విప్పకండి, విప్పి ఉన్నవే చూపించండి. పదికి మడత పెట్టనివి మిగిలితే పట్టు చీరలు మాత్రం మడిచి బీరువాలో పెట్టి, మిగతా వాటి మీద దుప్పటి కప్పి వెళ్ళిపోండి. పొద్దున్న తొమ్మిదికి వచ్చేవాళ్ళ మొదటి పని ఆ మడతలే. ఉదయం షిఫ్టు ఒక గంట ముందుకు జరిపింది అందుకోసమే.

రాత్రి చేసినవాళ్ళకు మర్నాడు ఉదయం షిఫ్టు వెయ్యలేదు, చార్టు చూస్తే తెలుస్తుంది. వారంలో రాత్రులు సత్యవతి అక్కకు రెండు, రమణ గారికి రెండు, సస్మితకు రెండు, శ్రీనుకు రెండు, దిలీప్‌కు మూడు. దిలీప్ అష్టమి రోజు అమ్మతో ఉండాలని అడిగాడు, బదులుగా మూడో రాత్రి తనే ఒప్పుకున్నాడు. వచ్చే వారం అతనికి ఒక్క రాత్రే. కుమారికి రాత్రి లేదు, చీకటి పడితే పాతపట్నం ఆటోలు దొరకడం కష్టం. ఆదివారం మధ్య షిఫ్టు ముగిశాక కూడా తనను మా తమ్ముడు బండి మీద దింపుతాడు. రాత్రి షిఫ్టు వాళ్ళందరికీ ఇంటికి ఆటో ఖర్చు షాపుదే.

ఉదయం షిఫ్టు వాళ్ళలో ఎవరైనా సోమ, మంగళ, బుధ, శని, ఆదివారాల్లో 5:30 తర్వాత ఇంకో రెండు గంటలు ఉండగలిగితే ముందురోజు చెప్పండి. గంటకు రెట్టింపు కూలి, ఆ రాత్రే చేతికి ఇస్తాను. ఉండలేకపోతే ఎందుకని అడగను.

భోజనానికి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళండి. ఎంత రద్దీ ఉన్నా ఎవరి అరగంటా పోకూడదు. మీ వంతు దాటిపోతుంటే నన్ను పిలవండి, మీ చోట నేను నిలబడతాను.

షిఫ్టు మార్చుకోవాలంటే ఇద్దరూ మాట్లాడుకుని ముందురోజు సాయంత్రం లోపు చార్టు మీద ఇద్దరూ సంతకం పెట్టండి. రాత్రి చేసి పొద్దున్నే రావాల్సిన మార్పు అయితే మీరిద్దరూ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. జ్వరమో, ఇంట్లో ఇబ్బందో వస్తే సంతకాలు అక్కర్లేదు, ఫోన్ చాలు.

బిల్లింగ్ గురించి ఒక మాట. సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు రెడీమేడ్ ఒక్కోదానికి జీఎస్టీ 5 శాతమే. వెయ్యి దాటినవాటికి ఇదివరకు 12 ఉండేది. కొనేవాళ్ళు అడుగుతున్నారు, అందరూ ఒకే జవాబు చెప్పండి.

సోమవారం 6న సస్మితకు ఆఫ్ ఖాయం, కుమార పూర్ణిమ తన ఇంటి పండగ. ఆ రోజు ఉదయం షిఫ్టు సత్యవతి అక్క, కుమారి తీసుకుంటారు. ఇద్దరినీ అడిగే రాశాను.

చార్టులో ఎవరికైనా ఇబ్బంది ఉంటే ఆదివారం 28 రాత్రి ఎనిమిది లోపు నాకు విడిగా చెప్పండి. మార్చగలిగింది మారుస్తాను, సోమవారం పొద్దున్న తొమ్మిదికి కొత్త కాగితం కౌంటర్ పక్కన ఉంటుంది.