నెలకొక ప్యాచ్ రాత్రి

అందరూ వచ్చారు కదా. ఎవరి భోజనానికీ అడ్డు రాను, ఐదు నిమిషాలు చాలు.

నిన్న సాయంత్రం బిల్లింగ్ సర్వర్లో `uptime` కొట్టి చూశాను. 412 రోజులని చూపించింది. ఒకప్పుడు ఇలాంటి అంకె కనిపిస్తే గొప్పగా చెప్పుకునేవాళ్ళం. నిన్న మాత్రం నా గుండె జారింది. ఇన్నాళ్ళుగా మనం ఎక్కించిన కెర్నెల్ ప్యాచ్‌లన్నీ రీబూట్ లేక డిస్కులో నిద్రపోతున్నాయి. ఇప్పుడు ఆ యంత్రాన్ని ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో మనలో ఎవరికీ తెలియదు.

నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలని మీలో కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. పోయిన ఏడాది ప్యాచ్ వేసి లాగిన్ పేజీని పోగొట్టుకున్న రాత్రి నాకూ గుర్తుంది. అందులో సగం తప్పు నాదే. ఆ రాత్రి ఏడు నెలల ప్యాచ్‌లు ఒక్కసారే వేశాం. దెబ్బకొట్టింది ఏదో తేల్చుకునేసరికి తెల్లవారింది. నెలనెలా వేస్తే అనుమానించాల్సిన జాబితా చిన్నదవుతుంది.

వేయకపోతే ఏమవుతుందో 2017లో చూశాం. మైక్రోసాఫ్ట్ MS17-010 ప్యాచ్‌ను మార్చి 14న ఇచ్చింది. వాన్నాక్రై మే 12న విరుచుకుపడింది. మధ్యలో 59 రోజులు! అయినా బ్రిటన్ ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని చిక్కుకున్నాయి. ప్యాచ్ వచ్చిందంటే దొంగలు కూడా దాన్ని విప్పి, పూడ్చిన కన్నం ఎక్కడుందో చూసుకుంటారు.

ఇక నేను అడిగేది ఇది. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మనకు అప్పటికి రాత్రి పొద్దుపోతుంది. బుధవారం చదువుదాం, గురువారం టెస్ట్ సర్వర్లకు వేద్దాం, శనివారం రాత్రి 11 నుంచి 3 వరకు అసలువాటికి. లినక్స్ సర్వర్లకూ అదే రాత్రి. ముందు స్నాప్‌షాట్, డేటాబేస్‌లకైతే తిరిగి ఎక్కించి చూసిన బ్యాకప్ కూడా. రెండు గంటలకల్లా సర్వీసు నిలబడకపోతే వెనక్కి వెళ్ళిపోతాం, అప్పుడిక వాదనలు వద్దు.

కూర్చునేది ఇద్దరే. తొమ్మిదిమందిమి కాబట్టి ఏడాదికి ఒక్కొక్కరికి రెండో మూడో రాత్రులు పడతాయి. సోమవారం సెలవు. మేనేజర్ నోటిమాట నమ్మకుండా మెయిల్‌లో రాయించుకున్నాను. పండగ అడ్డొస్తే వారం జరుపుదాం. 2021 డిసెంబరులో లాగ్4జె లాంటిది వస్తే మాత్రం శనివారం దాకా ఆగలేం, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ ఇప్పటిలా ప్రతి నెలా ఎవరికో ఒకరికి అర్ధరాత్రి ఫోను చేసి లేపే పని తప్పుతుంది. ఆ ఫోన్లు ఎక్కువగా ఎవరికి వెళ్తున్నాయో మీకు తెలుసు, ఆయన ఇక్కడే కూర్చుని తల వంచుకుని నవ్వుతున్నారు.

మొదటిది ఈ శనివారం. మొట్టమొదట బిల్లింగ్ సర్వరే, చేతిలో నాలుగు గంటలు ఉండగానే దాని సంగతి తేలిపోవాలి. ఒకరిని నేను. రెండో కుర్చీలోకి ఎవరొస్తారు? అభ్యంతరం ఉన్నవాళ్ళు కూడా ఇప్పుడే చెప్పండి, శనివారం పదిన్నరకు కాదు.