అనంతపురం జిల్లాలో శెనక్కాయ దిగుబడి, రక్షక తడులు: ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ నమూనాను ఎందుకు ఎంచుకున్నాం

4.1 సమస్య ఎక్కడుంది

కళ్యాణదుర్గం, బెళుగుప్ప, కంబదూరు మండలాల్లోని 8 ఊళ్లలో 186 కుటుంబాలను 2014 నుంచి 2019 వరకు ఆరు ఖరీఫ్‌లపాటు అనుసరించాం. అన్ని కుటుంబాలూ ఏటా శెనక్కాయ వేసి ఉంటే 1,116 పరిశీలనలు రావాలి. వచ్చినవి 1,041. అదును దాటిపోయి విత్తనం పడని సాళ్లు, కంది వైపు మళ్లినవి, బీడు వదిలేసినవి మిగతా 75. ఆధారిత చలరాశి ఎకరా దిగుబడి (కిలోలు) లాగరిథమ్. వివరించే చలరాశులు నాలుగు: పంటకాలంలో ఇచ్చిన రక్షక తడుల సంఖ్య, ఎకరా విత్తనం (కిలోలు, లాగ్), ఎకరా ఎరువుల ఖర్చు (రూపాయలు, లాగ్), ఆ ఏడు తీసుకున్న బ్యాంకు పంట రుణం (పది వేల రూపాయల్లో). అన్ని సమీకరణాల్లో సంవత్సర డమ్మీలున్నాయి.

జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ ఊడలు దిగే వేళ బెట్ట పడిందంటే కాయ నిలవదు. ఆ సమయంలో స్ప్రింక్లర్‌తో ఒకటో రెండో తడులు ఇవ్వగలిగిన రైతుకూ ఇవ్వలేని రైతుకూ దిగుబడిలో తేడా ఎంత అన్నది ఈ పత్రం అడిగే ప్రశ్న. అయితే తడి ఇవ్వగలిగే రైతు ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. సర్వేలో ఒక రైతు మాటల్లో చెప్పాలంటే: "బోరు పడేదే వాళ్ల చేన్ల కింద సార్. మాది మొరుసు నేల, రెండు అడుగులు తవ్వితే రాయి. వాన్దేవుడు పెడితే తిండి, లేకుంటే లేదు." నేల లోతు, భూగర్భజలం, రైతు పనితనం మా ప్రశ్నావళిలో చలరాశులుగా లేవు. కానీ దిగుబడిపైనా, తడుల సంఖ్యపైనా వాటి ప్రభావం ఉంది. నమూనా ఎంపిక అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

4.2 రెండు నమూనాలు

అంచనా వేసిన సమీకరణం ఇది:

```
lnyield_it = β'x_it + λ_t + α_i + ε_it
```

ఇక్కడ α_i కుటుంబానికి సంబంధించి కాలంతో మారని గుణం. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌లో ప్రతి కుటుంబాన్నీ దాని సొంత సగటుతోనే పోలుస్తాం కాబట్టి α_i పూర్తిగా తొలగిపోతుంది. అది x లతో ఎంత ముడిపడి ఉన్నా అంచనాకు ఢోకా లేదు. ర్యాండమ్ ఎఫెక్ట్స్ సగటులో ఒక భాగాన్ని మాత్రమే తీసేస్తుంది. మా డేటాలో α_i ప్రామాణిక విచలనం 0.24, ε_it ది 0.38. దాంతో ఆరేళ్లూ పంట వేసిన కుటుంబానికి తీసివేసే భాగం 0.46 అని తేలింది. అంటే కుటుంబాల మధ్య తేడాల్లో సగానికి పైగా అంచనాలో ఉండిపోతుంది. α_i కి x లతో సంబంధం లేకపోతే అది లాభమే, ఎందుకంటే ఎక్కువ సమాచారం వాడుకుని ప్రామాణిక దోషాలు తగ్గుతాయి. సంబంధం ఉంటే నేల మంచితనం తడి ఖాతాలో పడుతుంది.

కుటుంబ ప్రభావాలు అసలు లేవనుకునే పూల్డ్ ఓఎల్ఎస్‌ను బ్రూష్-పేగన్ పరీక్ష సులువుగా తిరస్కరించింది (p < 0.001). దాని గురించి ఇంతకుమించి చెప్పేది లేదు.

| చలరాశి | ర్యాండమ్ ఎఫెక్ట్స్ | ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ | తేడా |
|---|---|---|---|
| రక్షక తడులు | 0.118 (0.013) | 0.081 (0.016) | −0.037 |
| విత్తనం (లాగ్) | 0.212 (0.041) | 0.196 (0.046) | −0.016 |
| ఎరువుల ఖర్చు (లాగ్) | 0.094 (0.022) | 0.071 (0.026) | −0.023 |
| పంట రుణం (రూ. 10 వేలు) | 0.031 (0.008) | 0.009 (0.011) | −0.022 |

బ్రాకెట్లలో మామూలు ప్రామాణిక దోషాలు. హౌస్‌మన్ పరీక్ష వీటిపైనే నడుస్తుంది కాబట్టి ఈ పట్టికలో వాటినే ఇచ్చాం. తుది ఫలితాల పట్టికలో కుటుంబ స్థాయి క్లస్టర్ దోషాలు ఉంటాయి. ఊరి స్థాయిలో క్లస్టర్ చేయడానికి 8 ఊళ్లు చాలవు.

4.3 హౌస్‌మన్ పరీక్ష

హౌస్‌మన్ 1978లో ప్రతిపాదించిన తర్కం సూటిగా ఉంటుంది. α_i కి x లతో సంబంధం లేదన్నది శూన్య పరికల్పన. అది నిజమైతే రెండు పద్ధతులూ సరైన విలువ దగ్గరికే వస్తాయి, వాటి మధ్య తేడా శాంపిల్ ఒడిదుడుకే. పైగా ర్యాండమ్ ఎఫెక్ట్స్‌కు దక్షత ఎక్కువ. శూన్య పరికల్పన తప్పయితే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ నిలబడుతుంది, ర్యాండమ్ ఎఫెక్ట్స్ పక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటును దాని వేరియన్స్‌తో తూచేదే ఈ గణాంకం:

```
H = (b_FE − b_RE)' [V(b_FE) − V(b_RE)]^(-1) (b_FE − b_RE)
```

పట్టికలోని నాలుగు గుణకాలనే పోల్చాం. సంవత్సర డమ్మీలు అన్ని కుటుంబాలకూ ఒకటే కాబట్టి పోలికలో అవి కొత్త సమాచారం ఇవ్వవు. వాటిని కలిపితే డిగ్రీల సంఖ్య పెరిగి పరీక్ష పలచబడుతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చూపే అంకెను దించుకుంటే ఈ పొరపాటు తెలియకుండానే జరిగిపోతుంది. మా మొదటి డ్రాఫ్టులో జరిగింది కూడా.

H విలువ 24.6 వచ్చింది. 4 డిగ్రీల వద్ద 5 శాతం కై-స్క్వేర్ హద్దు 9.49. p < 0.001. శూన్య పరికల్పనను తిరస్కరిస్తున్నాం.

ఈ లెక్కకు ఒక బలహీనత ఉంది. శూన్య పరికల్పన కింద ర్యాండమ్ ఎఫెక్ట్స్ పూర్తి దక్షత కలిగి ఉండాలని, అంటే ε_it లో కుటుంబం లోపల వరుస సంబంధం గానీ అసమాన వేరియన్స్ గానీ ఉండకూడదని అది కోరుతుంది. ఒకే చేను మీద ఆరేళ్ల పంటలో ఆ మాట నమ్మడం కష్టం. అందుకే ముండ్లాక్ 1978లో చూపిన దారిలో కుటుంబ సగటులను చేర్చి, క్లస్టర్ దోషాలతో మళ్లీ పరీక్షించాం. ప్యానెల్ అసమంగా ఉంది కాబట్టి సంవత్సర డమ్మీల సగటులనూ చేర్చాం.

```
foreach v of varlist irrig lnseed lnfert loan y2015-y2019 {
    bysort hhid: egen m_`v' = mean(`v')
}
xtreg lnyield irrig lnseed lnfert loan y2015-y2019 m_*, ///
    re vce(cluster hhid)
testparm m_irrig m_lnseed m_lnfert m_loan
```

నాలుగు సగటుల గుణకాలూ సున్నా అన్న పరికల్పనకు వాల్డ్ విలువ 17.3, p = 0.002. మొదటి పరీక్షంత గట్టిగా కాకపోయినా తీర్పు మారలేదు. వాదనకు మేము ఆనుకునేది ఈ రెండో పరీక్షనే.

4.4 తేడా దేన్ని చెబుతోంది

తిరస్కరణ కన్నా తేడాల దిశ ముఖ్యం. నాలుగు గుణకాలూ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌లో తగ్గాయి. విత్తనం దగ్గర తేడా నామమాత్రం, ఎందుకంటే లోతు నేలవాళ్లూ మొరుసు నేలవాళ్లూ ఎకరాకు వేసే విత్తనం దాదాపు ఒకటే. తడుల దగ్గర మాత్రం ఒక్కో తడికి పెరిగే దిగుబడి 12.5 శాతం నుంచి 8.4 శాతానికి దిగింది. మంచి నేల ఇచ్చిన గింజను నీటి పేర రాసిన వంతు అది.

రుణం కథ ఇంకా స్పష్టం. ర్యాండమ్ ఎఫెక్ట్స్ ప్రకారం ప్రతి పది వేల రుణానికీ దిగుబడి 3 శాతం పెరగాలి, అదీ గట్టి t విలువతో. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌లో 0.9 శాతం, సున్నాకు భిన్నమని చెప్పలేం. పాసుపుస్తకం పేరు మీద ఉండి, బాకీ లేక, బ్యాంకు గడప ధైర్యంగా తొక్కగలిగిన రైతులకు చేను కూడా బాగుంటుంది. అదే రైతు ఒక ఏడు ఎక్కువ తీసుకుని మరో ఏడు తక్కువ తీసుకుంటే దిగుబడిలో పెద్ద తేడా కనిపించలేదు. తొలి నమూనాతో ఆగి ఉంటే "రుణం పెంచితే దిగుబడి పెరుగుతుంది" అని విధాన సూచన రాసేవాళ్లం.

4.5 ఈ ఎంపికకు చెల్లించిన మూల్యం

నేల రకం, మండల కేంద్రానికి దూరం వంటి కాలంతో మారని చలరాశులు ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌లో లెక్కకు రావు. వాటిని చూడాలనుకునే పాఠకులకు అనుబంధంలో ముండ్లాక్ సమీకరణం ఇచ్చాం. అక్కడి గుణకాలను కారణ సంబంధాలుగా చదవకూడదు.

రెండోది, 186 కుటుంబాల్లో 83 ఆరేళ్లలో ఒక్క తడి కూడా ఇవ్వలేదు. వాటిలో తడుల సంఖ్య మారనే లేదు కాబట్టి తడుల గుణకాన్ని నిర్ణయించినవి మిగిలిన 103 కుటుంబాలే. తడుల ప్రామాణిక విచలనం కుటుంబాల మధ్య 1.02 ఉంటే కుటుంబం లోపల 0.66 మాత్రమే. బోరు లేని రైతుకు బోరు వేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ 8.4 శాతం జవాబు కాదు. బోరున్న రైతు ఇంకో తడి ఇస్తే ఏమవుతుందన్నదానికి జవాబు.

మూడోది కొలత దోషం. తడులను రైతు తప్పుగా గుర్తుపెట్టుకుని ఉంటే ఆ దోషం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌లో మరింత పెద్దదై గుణకాన్ని సున్నా వైపు లాగుతుంది. అప్పుడు α_i కి సంబంధం లేకున్నా హౌస్‌మన్ పరీక్ష తిరస్కరించవచ్చు. తడులను పంట చివర అడగకుండా పదిహేను రోజులకోసారి ఇంటికి వెళ్లి నోటుబుక్కులో రాశాం. రుణాన్ని బ్యాంకు పాసుబుక్కులో చూసి ఎక్కించాం. రెండు చలరాశుల్లోనూ తేడా ఉంది కాబట్టి, అందులోనూ రుణంలో జ్ఞాపకానికి తావే లేదు కాబట్టి, కొలత దోషమే కారణమని అనుకోవడం లేదు.

4.6 పరీక్ష తీర్చని సందేహం

హౌస్‌మన్ పరీక్ష ర్యాండమ్ ఎఫెక్ట్స్‌ను తిరస్కరించిందే గానీ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ సరైనదని నిరూపించలేదు. అది నిలకడైనదని ముందే ఒప్పుకుని మొదలయ్యే పరీక్ష ఇది. x లు ε_it తో ముడిపడి ఉంటే రెండు నమూనాలూ కలిసి తప్పుతాయి. మా విషయంలో ఆ ప్రమాదం ఊహ కాదు. రైతు తడి ఇచ్చేదే బెట్ట పడినప్పుడు, దిగుబడి పడిపోయేదీ అప్పుడే. సంవత్సర డమ్మీలు జిల్లా అంతటి బెట్టను పట్టుకుంటాయి. కానీ కంబదూరులో వాన పడి బెళుగుప్పలో మబ్బు దాటిపోయిన ఏడు కూడా ఉంటుంది. అందుకని ఊరు-సంవత్సరం డమ్మీలతో ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌ను మళ్లీ అంచనా వేశాం. తడుల గుణకం 0.081 నుంచి 0.089కి పెరిగింది. బెట్ట వల్ల గుణకం కిందికి లాగబడుతుందన్న అంచనాకు ఇది సరిపోతుంది. రుణం గుణకం మారలేదు.

పంట వేయని 75 సాళ్ల విషయమూ ఇక్కడే చెప్పాలి. బోరు ఎండిన ఏడే విత్తనం మానేసిన కుటుంబాలు అందులో ఉన్నాయి. ఆరేళ్లూ పంట వేసిన కుటుంబాలతో మాత్రమే అంచనా వేసినా తడుల గుణకం 0.078 దగ్గరే నిలిచింది.

5వ విభాగంలోని ఫలితాలన్నీ ఊరు-సంవత్సరం డమ్మీలున్న ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ నమూనా నుంచి తీసుకున్నవి.