కర్నూలు వెంకటరమణ కాలనీలో 2 బీహెచ్‌కే ఫ్లాట్ అమ్మకానికి | సి క్యాంపు, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర | తూర్పు వాకిలి, రెండో అంతస్తు | లోపాలతో సహా

నమస్కారం. కర్నూలు వెంకటరమణ కాలనీలో మా సొంత ఫ్లాట్ అమ్ముతున్నాం. నేను బ్రోకర్‌ని కాదు, ఈ ఇంటి ఓనర్‌ని. 2013లో బిల్డర్ దగ్గర కొత్తగా కొన్నాం. అప్పటి నుంచి మేమే ఉంటున్నాం, ఒక్క నెల కూడా అద్దెకు ఇవ్వలేదు.

రేటు మొదట్లోనే చెప్పేస్తాను: 42 లక్షలు. మీ బడ్జెట్ 35 లక్షలైతే ఈ వీడియో చూసి ఆశ పెట్టుకోవద్దు, అంత తగ్గించలేం. కూర్చుని మాట్లాడితే కొంత తగ్గుతాం.

ఇల్లు కొనేటప్పుడు మేము ఆదోని నుంచి ఎన్నోసార్లు వచ్చి వెళ్లాం. ఫోన్‌లో "సూపర్ ఇల్లు అక్కా" అనేవాళ్లు. వచ్చి చూస్తే గోడలు చెమ్మగా ఉండేవి, లేదంటే దారే ఉండేది కాదు. చంటిబిడ్డను ఎత్తుకుని ఎండలో తిరిగిన ఆ రోజులు నాకింకా గుర్తున్నాయి. మీకు ఆ తిప్పలు వద్దు. అందుకే ఇంట్లో ఏం బాగుందో ఎంత వివరంగా చూపిస్తానో, ఏం బాగాలేదో కూడా అంతే వివరంగా చూపిస్తాను.

— వీధి, గేటు —

ఇది మా వీధి. 30 అడుగుల సిమెంట్ రోడ్డు. కారు, ఎదురుగా ఆటో వచ్చినా ఇబ్బంది లేదు. సి క్యాంపు రైతు బజారుకు నేను నడిచే వెళ్తాను. నంద్యాల చెక్‌పోస్ట్‌కు బండి మీద ఐదు నిమిషాలు. పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీకి ఆటోలో పది నిమిషాలు. ఆర్టీసీ బస్టాండుకు, రైల్వే స్టేషన్‌కు పావుగంట పెట్టుకోండి, సాయంత్రం రాజ్ విహార్ మీదుగా వెళ్తే ఇంకాస్త ఎక్కువ. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు ఇదే నంద్యాల రోడ్డు మీద ఉంది.

కర్నూల్లో ఇల్లు చూసే ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటుంది: "2009లో ఇక్కడికి నీళ్లు వచ్చాయా?" అప్పటికి ఈ బిల్డింగ్ లేదు. ఎదురింటి పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా ఇదే వీధిలో ఉంటున్నారు. నది నీరు ఈ వీధిలోకి రాలేదని, ఆ వారం వాళ్లింట్లోనే పాతబస్తీ బంధువులు ఇరవై మంది తల దాచుకున్నారని ఆయన చెప్పారు. నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. వచ్చినప్పుడు ఆయన్నీ, ఇంకో నాలుగిళ్లవాళ్లనూ మీరే అడగండి. గట్టి వాన పడితే మాత్రం అదిగో, ఆ మలుపు దగ్గర చీలమండ లోతు నీళ్లు నిలుస్తాయి. గంటలో పోతాయి. మా సెల్లార్‌లోకి ఎప్పుడూ రాలేదు.

రెండు బిల్డింగుల అవతల కళ్యాణమండపం ఉంది. ముహూర్తాలున్న నెలల్లో రాత్రి పదకొండు దాకా బ్యాండ్ వినబడుతుంది. మా అబ్బాయి టెన్త్ పరీక్షలప్పుడు దీనివల్ల చాలా ఇబ్బంది పడ్డాం. చదువుకునే పిల్లలుంటే ఇది గట్టిగా ఆలోచించండి.

— సెల్లార్, లిఫ్ట్ —

కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, మొత్తం 16 ఫ్లాట్లు. మా కారు పార్కింగ్ ఈ రెండు పిల్లర్ల మధ్య. చిన్న కారు హాయిగా పడుతుంది. పెద్ద కారు పెడితే డ్రైవర్ వైపు తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఈ జాగా డాక్యుమెంట్లో నంబర్‌తో సహా రాసి ఉంది.

ఇది లిఫ్ట్. జనరేటర్ లేదు. కరెంటు పోతే లిఫ్ట్‌ను దగ్గరి అంతస్తుకు తెచ్చి తలుపు తెరిచే బ్యాటరీ రెండేళ్ల కిందట పాడైంది, అపార్ట్‌మెంట్‌వాళ్లం ఇంకా మార్చలేదు. మా అత్తమ్మ ఒకసారి అందులో పావుగంట ఇరుక్కుపోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఆ రోజు నుంచి లిఫ్ట్ అంటేనే భయం. అందుకే కల్లూరులో కింది ఇల్లు ఒకటి చూసుకున్నాం. మేము అమ్మడానికి కారణం అదే, వేరే ఏమీ లేదు.

— ఇంట్లోకి —

తూర్పు వాకిలి. టేకు తలుపు, బయట ఇనుప గ్రిల్. లోపలికి రాగానే హాలు, డైనింగ్ కలిపి 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఈశాన్యం మూల దేవుడి గూడు. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద బెడ్‌రూమ్, వాయవ్యంలో చిన్నది. వాస్తు చూసేవాళ్లను వెంట తెచ్చుకోండి, కొలతలు తీసుకోనిస్తాం.

హాల్లోంచి ఉత్తరం వైపు ఈ బాల్కనీ. ఇంట్లో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. కింద బేతంచెర్ల బండలు పరిపించాం, ఎండాకాలం సాయంత్రం రెండు చెంబుల నీళ్లు చల్లి కూర్చుంటే ప్రాణం లేచి వస్తుంది. అయితే ఎదురుగా కనిపిస్తున్న ఖాళీ స్థలం మాది కాదు. ఇవాళ కాకపోతే రేపు అక్కడ ఇల్లు లేస్తుంది. అప్పుడు ఈ వెలుతురు, ఈ గాలి సగం పోతాయి. ఈ బాల్కనీని చూసి మురిసిపోయి కొనేముందు ఆ గోడను కూడా ఊహించుకోండి.

వంటిల్లు. నల్ల గ్రానైట్ గట్టు, చిమ్నీ ఉంది. కప్‌బోర్డులు 2013వే, కింది అరల్లో రెండు తలుపులు ఉబ్బాయి. పక్కన వాష్ ఏరియా.

పెద్ద బెడ్‌రూమ్‌కు పడమర కిటికీ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఈ గోడ మీద చెయ్యి పెట్టలేం, రాత్రి పది దాకా వేడి వదలదు. ఏసీ లేకుండా ఇక్కడ పడుకోలేం. ఏసీ ఇంటితో పాటు ఇచ్చేస్తాం. చిన్న బెడ్‌రూమ్ కాస్త నయం.

— బాత్రూమ్ గోడ —

ఇక్కడ కెమెరా దగ్గరగా పెడుతున్నాను. కామన్ బాత్రూమ్ బయటి గోడ, పైన ఈ మరక చూడండి. పెచ్చులూడుతోంది. వీడియో ముందు పెయింట్ వేయిద్దామని మా ఆయన అన్నారు, నేనే వద్దన్నాను. రెండు నెలల్లో మళ్లీ బయటపడుతుంది, అప్పుడు కొన్నవాళ్లు మమ్మల్ని ఏమనుకోవాలి?

ఇది వాన నీరు కాదు. పై ఫ్లాట్ బాత్రూమ్‌లో ట్రాప్ దగ్గర లీకు. మేము మా వైపు రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, లాభం లేకపోయింది. పైన టైల్స్ తీసి ట్రాప్ మార్చాల్సిందే. పై ఫ్లాట్ ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారు, ఒప్పుకున్నారు. మేస్త్రి 18 వేలు అన్నాడు, చెరిసగం వేసుకుంటాం. రిజిస్ట్రేషన్ నాటికి ఆ పని పూర్తికాకపోతే మాట్లాడుకున్న రేటులో 25 వేలు తగ్గిస్తాం. అగ్రిమెంట్‌లోనే రాసిస్తాం.

— నీళ్లు —

మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు సంపులోకి వస్తాయి. తుంగభద్ర ఎండితే మాకూ ఎండుతుంది. గట్టి ఎండాకాలంలో నెలకు మూడు నాలుగు ట్యాంకర్లు తెప్పించుకుంటాం, ఆ ఖర్చు అందరం పంచుకుంటాం. బోరు ఉంది, ఎండిపోలేదు కానీ ఉప్పు నీళ్లు. కొళాయిలకు పట్టిన ఈ తెల్లటి పొర దానిదే. గీజర్ కాయిల్ రెండుసార్లు మార్చాం. తాగడానికి ఫిల్టర్ తప్పనిసరి. నెల మెయింటెనెన్స్ 1,200. మేడ మీద పగుళ్లు పూడ్చడానికి ఫ్లాటుకు 15 వేలు అనుకున్నారు, మా వాటా మేమే కట్టి వెళ్తాం.

— లెక్కలు, కాగితాలు —

డాక్యుమెంట్లో 1,150 చదరపు అడుగులు. అందులో గోడలు, కారిడార్, మెట్లు, లిఫ్ట్ వాటా అన్నీ కలిసి ఉన్నాయి. నేనూ మా అబ్బాయీ టేపు పట్టి కొలిస్తే గదులు, బాల్కనీ, వాష్ ఏరియా కలిపి 815 వచ్చింది. మీరు కాలు మోపే జాగా అదే. అంటే కాగితం మీద అడుగు 3,650 చొప్పున పడినా, వాడుకునే జాగా లెక్కన 5,150 దాకా అవుతుంది. ఏ ఫ్లాట్ చూసినా ఈ రెండో లెక్క కూడా వేసుకోండి. స్థలం మొత్తం 720 గజాలు, 15 సెంట్లకు కొంచెం తక్కువ. మన వాటాకు 45 గజాలు.

ప్లాన్ అప్రూవల్ కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులకు ఉంది, కట్టింది కూడా అంతే. సెల్లార్‌లో వాచ్‌మన్ గది మాత్రం ప్లాన్‌లో లేదు.

ఇంటి మీద ఇంకా ఆరు లక్షల లోన్ ఉంది. ఒరిజినల్స్ బ్యాంకులోనే ఉన్నాయి. తనఖా సంగతి ఈసీలో కూడా కనిపిస్తుంది. మీరు ఇచ్చే అడ్వాన్స్ నేరుగా మా లోన్ ఖాతాలోకే వేయండి. అది క్లోజ్ అయ్యాక కాగితాలు విడిపించి మీ ముందే పెడతాం. లింక్ డాక్యుమెంట్ల జిరాక్స్ సెట్టు సిద్ధంగా ఉంది, తీసుకెళ్లి మీ లాయర్‌కు చూపించండి. ఫ్లాట్ నా పేరు, మా ఆయన పేరు కలిపి ఉంది, ఇద్దరం సంతకానికి వస్తాం.

లోన్‌తో కొనేవాళ్లు ఇది శ్రద్ధగా వినండి. మొన్న ఒకాయన ఈ ఫ్లాటుకే అప్లై చేస్తే బ్యాంకు వాల్యూయర్ వచ్చి 38 లక్షలు రాశారు. బ్యాంకు ఆ విలువ మీదే లోన్ ఇస్తుంది, మేం చెప్పే రేటు మీద కాదు. ఈ స్థాయి లోన్‌కు గరిష్ఠంగా 80 శాతం, అంటే 30 లక్షల 40 వేలు. మిగతా 11 లక్షల 60 వేలు మీ చేతిలో ఉండాలి. ఆ పైన స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, 42 లక్షలకు 3 లక్షల 15 వేలు. ఆయనకు ఈ డబ్బు సర్దుబాటు కాక ఆగిపోయారు. అడ్వాన్స్ ఇవ్వకముందే తేలింది కాబట్టి ఆయనకు నష్టం జరగలేదు.

మొత్తం సొమ్ము బ్యాంకు ద్వారానే. ఆస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. "సగం క్యాష్ ఇస్తాం" అని దయచేసి ఫోన్ చేయకండి. పూర్తి రేటుకే రిజిస్టర్ చేస్తాం.

ఏసీ, గీజర్, చిమ్నీ, ఫ్యాన్లు, ఇన్వర్టర్ ఉంచి వెళ్తాం. బాల్కనీలో తులసి కోట, మల్లె కుండీ మాత్రం అత్తమ్మ తనతో తెచ్చుకుంటుంది.

ఇల్లు చూడాలంటే సాయంత్రం ఐదు తర్వాత, ఆదివారం రోజంతా రండి. ఎండాకాలంలో అయితే ఒకసారి మధ్యాహ్నం మూడింటికి కూడా రండి, ఆ పడమటి గది వేడి మీకే తెలుస్తుంది. నంబర్ స్క్రీన్ మీద ఉంది. ముందు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, లొకేషన్ పంపిస్తాను. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే రోజు పొద్దున ఒకసారి ఫోన్ చేయండి. అప్పటికే బేరం కుదిరిపోయి ఉంటే రావద్దని చెప్పేస్తాను.

#కర్నూలుఫ్లాట్లు #వెంకటరమణకాలనీ #సిక్యాంపు #నంద్యాలచెక్‌పోస్ట్ #కర్నూలు2బీహెచ్‌కే #ఓనర్‌నుంచినేరుగా