కంచు మోగుతుంది, కనకం మోగదు

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, తోటి విద్యార్థులకు నమస్కారం. నేను 9వ తరగతి చదువుతున్నాను. ఈ రోజు నాకు ఇష్టమైన వేమన పద్యం ఒకటి చదువుతాను.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పలుకు చల్లగాను
కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ!

అల్పుడంటే డబ్బు లేనివాడు కాదు, పొట్టివాడు అంతకన్నా కాదు. బుద్ధి చిన్నదైనవాడు. అలాంటివాడు ఎప్పుడూ గొప్పలు పోతూ మాట్లాడతాడు. మంచివాడు చల్లగా మాట్లాడతాడు. కంచు మోగినట్లు బంగారం మోగుతుందా అని వేమన అడుగుతున్నాడు.

మోగుతుందో లేదో చూద్దామని ఇంట్లోని కంచు గిన్నె తెచ్చాను. వినండి... ఖంగుమంది కదా! ఇంకా మోగుతూనే ఉంది. రాగి, తగరం కలిపితే కంచు వస్తుంది. అది గట్టి లోహం కాబట్టి గంటలు దానితోనే పోస్తారు. బంగారం మెత్తన, కొడితే టక్కుమని ఊరుకుంటుంది. అదీ చూపిద్దామనుకున్నాను గానీ, గాజు ఇవ్వడానికి అమ్మ ఒప్పుకోలేదు.

ఈ పద్యం నాకెందుకు ఇష్టమంటే, ఇందులో కంచు నేనే. పోయిన నెల క్విజ్ పోటీకి ముందు, కప్పు మాదేనని వారం రోజులు తరగతంతా చెప్పుకుని తిరిగాను. మొదటి రౌండులోనే ఓడిపోయాం. ఎప్పుడూ పెదవి విప్పని మా జట్టు అమ్మాయి మూడు జవాబులు చెప్పింది. నేను ఒక్కటీ చెప్పలేదు. తను నన్ను దెప్పుతుందేమోనని తల వంచుకుని కూర్చున్నాను. తను పక్కకు వచ్చి, "చివరి ప్రశ్నకు నువ్వు కాగితం మీద రాసుకున్న జవాబు సరైనదే. చెప్పి ఉండాల్సింది" అంది. అంతే.

ఆ సాయంత్రం పద్యం మళ్లీ చదివితే ఒక మాట దగ్గర ఆగిపోయాను. వేమన 'మెల్లగా' అనలేదు, 'చల్లగా' అన్నాడు. గొంతు తగ్గించి కూడా మనసు నొప్పించవచ్చు. విన్నవాళ్లకు హాయిగా ఉండేదే చల్లని మాట. నా స్నేహితురాలి మాట అలాంటిదే.

ఇది ఆటవెలది పద్యం. నాలుగే పాదాలు, చివరిది వేమన పద్యాలన్నిటిలో దాదాపు ఒకటే కాబట్టి నేర్చుకోవలసినవి మూడే! తాళపత్రాల్లో ఉన్న వేమన పద్యాలను బ్రౌన్ దొర సేకరించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు.

ఇప్పుడు అందరూ నాతో కలిసి పద్యం అనండి. గట్టిగానే అనవచ్చు, మనం గొప్పలేమీ చెప్పుకోవడం లేదు కదా. అల్పుడెపుడు పల్కు...