బ్రెడ్ పొంగలేదా? లోపల బరకగా వచ్చిందా?

ప్రశ్న: అరకిలో మైదాకి 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేశాను. బ్రెడ్ టిన్‌లో సగం దాకే లేచింది, ఇటుకలా బరువుగా ఉంది. ఈస్ట్ పాడైపోయిందా?

జవాబు: ముందు అది తేల్చుకోండి. అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదార, చెంచా ఈస్ట్ కలిపి 10 నిమిషాలు వదిలేయండి. పైన దట్టంగా నురగ కడితే ఈస్ట్ బాగున్నట్టే. నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమనకూడదు. 60 డిగ్రీల వేడిలో ఈస్ట్ చచ్చిపోతుంది. ఉప్పు కూడా చూసుకోండి. అరకిలోకి 10 గ్రాములు చాలు, అంతకు మించితే పొంగు మందగిస్తుంది.

అయితే ఇంట్లో చేసే బ్రెడ్ పొంగకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఈస్ట్ కాదు, పిండి చాలినంత పిసకకపోవడం. చేతికి అంటుకుంటోందని పొడి మైదా చల్లుకుంటూ పోతారు. ముద్ద గట్టిపడి, గ్యాస్ పుట్టినా సాగలేదు. అరకిలోకి 300 నుంచి 325 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 20 నిమిషాలు మూతపెట్టి ఉంచి, ఆ తర్వాత పిసకండి. జిగురు దానంతటదే తగ్గుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీయండి. అవతల వెలుతురు కనిపించేంత పల్చటి పొర రావాలి. అంతకుముందే చిరిగితే ఇంకో 5 నిమిషాలు పిసకాల్సిందే. ఇది చూడకుండా టిన్‌లో పెట్టొద్దని నేను గట్టిగా చెబుతాను.

ప్రశ్న: నాది బాగానే పొంగింది. కానీ లోపల పెద్ద పెద్ద రంధ్రాలు. కోస్తే పొడిపొడిగా రాలుతోంది.

జవాబు: టిన్‌లో ఎక్కువసేపు పొంగిపోయింది. మన ఎండాకాలంలో వంటకాల పుస్తకంలో ఉన్న గంట లెక్క పనికిరాదు, అరగంటకే తయారైపోవచ్చు. గడియారం కాదు, ముద్దని చూడండి. తడి వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, కొంచెం మిగిలేలా వెనక్కి రావాలి. అసలు రాకపోతే ఆలస్యమైనట్టు. అప్పుడు గాలి తీసి, మళ్లీ చుట్టి, తక్కువసేపు ఉంచండి. కలిపేటప్పుడు చల్లటి నీళ్లు వాడితే తొందర తగ్గుతుంది.

రెండోది, చుట్టడం. మొదటి పొంగు తర్వాత ముద్దని అరచేత్తో పరిచి గాలి బుడగలు పోయేలా నొక్కండి. తర్వాత బిగుతుగా చాపలా చుట్టి, అతుకు కిందికి వచ్చేలా టిన్‌లో పెట్టండి. వదులుగా చుడితే లోపల చిక్కుకున్న గాలే రంధ్రాలవుతుంది. టిన్ మరీ పెద్దదైనా ముద్దకి ఆనుకోవడానికి గోడ దొరక్క బరకగా వస్తుంది.

ప్రశ్న: ఓటీజీలో పెట్టాక పక్కన చీలింది.

జవాబు: తక్కువ పొంగాక పెట్టేశారు. ఇంకో 10 నిమిషాలు ఆగి చూడండి. ఓవెన్‌ని ముందే 200 డిగ్రీలకి బాగా వేడి చేయండి, టిన్ పైరాడ్‌కి దూరంగా ఉండాలి. పైన తొందరగా గట్టిపడితే లోపలి పొంగు పక్కనుంచి దారి చూసుకుంటుంది.