కొండపల్లి దరఖాస్తు: సమస్య వివరణ, సవరించిన ప్రతి

తమ్ముడూ,

కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ల కోసం నిధులు అడుగుతూ నువ్వు రాసి పంపిన దరఖాస్తు మొత్తం చదివాను. బడ్జెట్, పనుల పట్టిక బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. సమస్య వివరణ దగ్గర మాత్రం ఆగిపోయాను. నిధులిచ్చేవాళ్లు 350 పదాల్లో రాయమంటే నువ్వు మూడు పేజీలు రాశావు. పొడవు సంగతి తర్వాత. మూడు పేజీలూ అయ్యాక "ఇంతకీ వీళ్ల ఇబ్బంది ఏంటి?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పేలా లేదు. కమిటీలో కూర్చునేవాళ్లు ఒక్క రోజులో బోలెడు దరఖాస్తులు తిరగేస్తారు. ఆ ఒక్క మాట వాళ్లకు మొదటి నాలుగు లైన్లలో దొరకాలి.

నీ మొదటి పేరా ఇదీ:

"ఘన చరిత్ర కలిగిన, ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన కొండపల్లి బొమ్మల కళ నేడు అంతరించిపోయే దశకు చేరుకుంది. ముడిసరుకు కొరత, ఆదరణ కరువు, యువత అనాసక్తి, మార్కెటింగ్ సౌకర్యాల లేమి వంటి అనేక సమస్యలతో కళాకారులు సతమతమవుతున్నారు. ఈ అపురూప కళను కాపాడుకోవాల్సిన బాధ్యత మనందరిపై ఉంది."

ఇందులో కొండపల్లి తీసేసి ఏటికొప్పాక పెట్టి చూడు. నిర్మల్ పెట్టు, కలంకారీ పెట్టు. ఎక్కడా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, అతికినట్టు సరిపోతుంది. అంటే ఇందులో కొండపల్లి గురించి ఏమీ లేనట్టే. పేరా మొత్తం కొట్టేశాను, ఏమీ అనుకోకు.

"అంతరించిపోతోంది" అనే మాట మొదటి పేజీలో రెండుసార్లు, తర్వాతి రెండు పేజీల్లోనూ, ఆఖరికి ముగింపులోనూ ఉంది. అన్నీ తీసేశాను. ఎందుకంటే రెండో పేజీ మధ్యలో నువ్వే రాశావు: "దసరాకు ముందు వచ్చిన ఆర్డర్లను సకాలంలో అందించలేకపోతున్నారు" అని. ఆదరణ కరువైన బొమ్మకు అందించలేనన్ని ఆర్డర్లు ఎలా వచ్చాయి? చదివేవాడు పట్టుకునేది ఇలాంటి చోటే. నిజం చెప్పాలంటే నీ దరఖాస్తు మొత్తంలో విలువైన వాక్యం అదే. దాన్ని పేరా మధ్యలో పాతిపెట్టావు. తవ్వి పైకి తెచ్చాను. కొనేవాళ్లున్నారు, చేసేవాళ్లున్నారు, మధ్యలో చెక్క లేదు. మన సమస్య ఇంతే.

ఇక అసలు పునరుక్తి. ఒకే మాటను మళ్లీ రాస్తే ఎవరికైనా కనిపిస్తుంది, కొట్టేయడం తేలిక. నీ దాంట్లో ఒకే సంగతి నాలుగు వేషాల్లో వచ్చింది: "ముడిసరుకు కొరత", "అటవీ వనరుల క్షీణత", "ఉత్పాదకత తగ్గుదల", "ఆదాయ అస్థిరత". నాలుగింటికీ నాలుగు ఉపశీర్షికలు, ఒక్కోదాని కింద మళ్లీ చెక్క దొరకట్లేదనే కథ. ఇవి నాలుగు సమస్యలు కావు. చెట్లు తగ్గాయి కాబట్టి చెక్క రావట్లేదు, చెక్క రాలేదు కాబట్టి పని ఆగింది, పని ఆగింది కాబట్టి డబ్బు రాలేదు. ఒక వరుసలో పెట్టి ఒక్కసారి చెబితే చాలు. ఉపశీర్షికలన్నీ ఎత్తేశాను.

ఇంకొకటి. బొమ్మల చెక్క వచ్చే పొణికి చెట్టు గురించి "పొణికి మొక్కల నర్సరీ లేకపోవడం ప్రధాన సమస్య" అని రాశావు. నర్సరీ పెడతామని మనమే అడుగుతున్నాం కదా! మనం ఇచ్చే జవాబు లేకపోవడాన్నే సమస్యగా చూపిస్తే "నర్సరీ లేకపోతే ఏం?" అని అడుగుతారు. దానికి జవాబు నీ దగ్గరే ఉంది. గింజ సులువుగా మొలవదు, చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, అందుకే ఎవరూ నాటడం లేదు. అది రాయాలి. నర్సరీ మాట పనుల పట్టికలోకి వెళ్లిపోయింది.

చెట్టును ఒకచోట పొణికి అన్నావు, ఇంకోచోట పునికి, మరోచోట "స్థానిక మెత్తటి కలప". మూడు చెట్లేమో అనుకుంటారు. అంతటా తెల్ల పొణికి అనే పెట్టాను. ఈ ఒక్క మాట ఎన్నిసార్లు వచ్చినా నాకు అభ్యంతరం లేదు. అందం కోసం మాట మార్చడం కథల్లో పనికొస్తుందేమో, దరఖాస్తులో గందరగోళం.

సవరించిన ప్రతి ఇది. దీన్నే ఫారంలో పెట్టు.

సమస్య వివరణ

ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో బొమ్మలు చేసే కుటుంబాలకు ఆర్డర్లు వచ్చే రోజుల్లోనే చెక్క అందడం లేదు. బొమ్మల కాలనీలో మేం మాట్లాడిన 22 కుటుంబాల్లో 15 కుటుంబాలు గత దసరాకు ముందు, చేతిలో ఆర్డర్లు ఉండగానే, చెక్క లేక కనీసం రెండు వారాలు పని ఆపుకున్నాయి. చెక్కేవారి పని ఆగితే ఇంట్లో రంగులు వేసే మహిళల పనీ ఆగుతుంది.

కొండపల్లి బొమ్మకు వాడేది తెల్ల పొణికి చెక్క. తేలిగ్గా, మెత్తగా ఉండి సన్నటి పనికి లొంగుతుంది. కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకు చెక్కలో తేమ ఉండకూడదు. పచ్చి చెక్కతో చేస్తే ఆరేకొద్దీ కుంచించుకుపోయి అతుకుల దగ్గర పగులుతుంది, పైన వేసిన రంగు లేస్తుంది. కాబట్టి చెక్కను ముందే తెచ్చి, ఎండబెట్టి, సన్నటి సెగ పట్టించి ఉంచుకోవాలి. బొమ్మల కొలువుల గిరాకీ దసరాకు ముందు నెలల్లో ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే చెక్క వేసవిలోనే ఇంటికి చేరాలి.

అలా చేరకపోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఏ కుటుంబానికి ఆ కుటుంబం దొరికినప్పుడు దొరికినంత కొనుక్కుంటోంది. వేసవిలో ఒకేసారి కొనడానికి చేతిలో డబ్బు ఉండదు, కొన్నా ఆరబెట్టి దాచడానికి ఇంట్లో చోటు ఉండదు. వానల్లో కొన్న చెక్క ఆరదు. రెండోది, కొత్త చెట్లు రావడం లేదు. తెల్ల పొణికి ఇక్కడి కొండల అడవి నుంచే వస్తూ ఉండేది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ఈ చెట్టు గింజకు పెంకు గట్టిది, నాటిన గింజల్లో మొలిచేవి తక్కువ. మొలిచినా మాను బొమ్మకు పనికొచ్చే లావు కావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే రైతులు గట్ల మీద వేరే చెట్లు వేస్తున్నారు గానీ దీన్ని వేయడం లేదు.

మొదటి కారణాన్ని రెండేళ్లలో తొలగించవచ్చు. రెండోదాన్ని ఈ రెండేళ్లలో మొదలుపెట్టగలం, పూర్తి చేయలేం. ఈ ప్రతిపాదన రెండింటినీ ఆ మేరకే చేపడుతుంది.

ఇంతే. ఫారంలో అతికించాక పదాల లెక్క ఒకసారి చూసుకో, పరిమితి దాటదు.

ఆఖరి పేరా చూసి నీకు టెన్షన్ రావచ్చు. "పూర్తి చేయలేం" అని మనమే చెప్పుకుంటామా అని. చెప్పుకోవాలి. నీ పాత ప్రతిలో "రెండేళ్లలో కలప కొరతకు శాశ్వత పరిష్కారం" అని ఉంది. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుందని అదే పేజీలో పైన ఉంది. అడవుల గురించి కాస్త తెలిసినవాళ్లు కమిటీలో ఒక్కరున్నా అక్కడే పెన్ను కింద పెడతారు. మనం చేయగలిగింది ఇంతేనని ముందే చెబితే ఆరబెట్టే షెడ్డుకూ, ఉమ్మడి కొనుగోలు నిధికీ అడిగిన డబ్బు మీద వాళ్లకు నమ్మకం కుదురుతుంది. బడ్జెట్లో పెద్ద మొత్తాలు ఆ రెండే కాబట్టి మన వాదన బరువు కూడా అటే ఉండాలి.

తీసేసినవాటిలో కొన్ని పారేయక్కర్లేదు. యువత వేరే పనులకు వెళ్లిపోతోందన్న పేరా నిజమే, కానీ ఈ డబ్బుతో దాన్ని మనం ఏం చేయబోతున్నాం? పనుల పట్టికలో శిక్షణ గానీ, స్టైపెండ్ గానీ ఒక్క లైను లేదు. సమస్యగా చూపించిన ప్రతిదానికీ కింద ఒక పని ఉండాలి, లేదంటే అది చూపించకూడదు. ఆన్‌లైన్ అమ్మకాల సంగతీ అంతే. రెండింటినీ పక్కన దాచిపెట్టు, ఇంకో దరఖాస్తుకు పనికొస్తాయి. దశావతారాలు, అంబారీ ఏనుగు, జీఐ గుర్తింపు గురించి రాసిన పేరా సంస్థ పరిచయంలోకి మార్చాను. అక్కడ అది అందంగా ఉంది. ఇక్కడ మాత్రం అడ్డం.

ఎనామిల్ రంగుల గురించి రాసింది పూర్తిగా తీసేశాను. అది వేరే చర్చ.

నువ్వు చూసుకోవాల్సినవి కొన్ని మిగిలాయి. 22లో 15 అనే లెక్క నీ నోట్‌బుక్ నుంచి తీసుకున్నాను. నీ పాత ప్రతిలో అదే లెక్క ఒకచోట "మెజారిటీ కుటుంబాలు" అనీ, ఇంకోచోట "దాదాపు అందరూ" అనీ ఉంది. అంకె ఒక్కటే ఉంచాను. ఆ 15 కుటుంబాల పేర్లూ, ఏ వారాల్లో పని ఆగిందో రాసుకున్న కాగితాలూ ఫైల్లో ఉన్నాయో లేదో చూడు. పరిశీలనకు వచ్చినప్పుడు ముందు అడిగేది అదే. రైతులు గట్ల మీద పొణికి వేయడం లేదన్న వాక్యం కాలనీవాళ్ల నోట విన్నదే. ఇద్దరు ముగ్గురు రైతులను నేరుగా అడిగి ఖాయం చేసుకో. ఎవరైనా వేశారని తెలిస్తే "చాలా తక్కువ మంది వేస్తున్నారు" అని మార్చు, వాళ్ల దగ్గర గింజలు కూడా దొరుకుతాయి.

అనుమతి గురించిన వాక్యం జాగ్రత్త. నీ ప్రతిలో "అటవీ శాఖ ఆంక్షల వల్ల" అని ఉంది. రేపు నర్సరీకి సలహా కోసం, గట్ల మీద పెరిగిన చెట్టు కొట్టి తరలించడానికి కాగితాల కోసం మనం వెళ్లాల్సింది వాళ్ల గుమ్మానికే. వాళ్లను తప్పుపట్టినట్టు దరఖాస్తులో ఎందుకు? ఉన్న నియమాన్ని ఉన్నట్టు చెప్పి వదిలేశాను.

పంపే ముందు ఈ ప్రతిని కాలనీలో పెద్దాయనకు ఒకసారి చదివి వినిపించు. సెగ పట్టించడం, మక్కు గురించి రాసినచోట ఆయన ఏదైనా సరిచేస్తే ఆయన మాటే ఉంచు, నాది తీసెయ్. గురువారం సాయంత్రానికి పంపితే ఇంగ్లిష్ ప్రతితో పక్కపక్కన పెట్టి చూస్తాను. అందులో కూడా ఆ పాత మొదటి పేరా అలాగే ఉండి ఉంటుంది, నాకు తెలుసు. ముందే తీసేసి పంపు.

మీ అక్క